నాలుగో తీగలో కరెంటెంత?

ఓ మోస్తరు అపార్టుమెంటు. పొద్దున్న ఏడు గంటలు. కింద మీటర్ల గదిలో, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చిన కేబుల్ మెయిన్ ప్యానెల్లోకి దిగే చోట నాలుగు తీగలు ఉంటాయి: ఎరుపు, పసుపు, నీలం, నలుపు. మొదటి మూడూ ఆర్, వై, బి ఫేజులు. నల్లది న్యూట్రల్. టాంగ్ టెస్టర్ దవడలు తెరిచి ఒక్కో తీగకూ తగిలించి చూశారనుకుందాం. ఎర్రదాంట్లో 40 ఆంపియర్లు, పసుపుదాంట్లో 25, నీలంలో 10 చూపించింది. ఇప్పుడు నల్లదానికి తగిలించకముందే చెప్పాలి, అందులో ఎంత ఉంటుంది?

వెళ్లిన కరెంటు తిరిగి రావాలి కదా అనుకునేవారు మూడూ కూడి 75 అంటారు. త్రీ ఫేజ్‌లో న్యూట్రల్‌కి పనేమీ ఉండదని విన్నవారు సున్నా అంటారు. రెండూ కావు. ఆ పొద్దుటి పూట ఇళ్లలో ఉన్నవన్నీ గీజర్లు, ఇస్త్రీ పెట్టెలు, కెటిల్స్ లాంటివే అయితే న్యూట్రల్‌లో 26 ఆంపియర్లు ఉంటుంది. అదే అపార్టుమెంటులో సాయంత్రం మళ్లీ కొలిస్తే, మూడు ఫేజుల్లోనూ సరిగ్గా అవే అంకెలు, 40, 25, 10 వచ్చినా న్యూట్రల్‌లో మాత్రం 40 ఉండొచ్చు. మరో రోజు 12 ఉండొచ్చు. మీటర్ చెడిపోయి కాదు. మూడు అంకెలూ కరెంటు ఎంతో చెబుతాయి గానీ ఏ క్షణంలో ఎటు పోతోందో చెప్పవు. న్యూట్రల్ లెక్కంతా ఆ రెండోదాని మీదే నడుస్తుంది.

ముందు ఆ నాలుగు తీగలూ ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దాం. వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ 11 కిలోవోల్టుల సరఫరాను తీసుకుని 433 వోల్టులకు దించుతుంది. దారిలో కొంత తగ్గి మన దాకా వచ్చేసరికి అది 415 వోల్టులని లెక్క. ట్రాన్స్‌ఫార్మర్ లోపల మూడు తీగచుట్టలు ఉంటాయి. వాటి ఒక్కో కొస కలిపి ఒకే బిందువు దగ్గర కట్టి, దాన్ని భూమిలోకి ఎర్త్ చేస్తారు. అక్కడి నుంచి బయలుదేరే తీగే న్యూట్రల్. మిగిలిన మూడు కొసల నుంచి మూడు ఫేజులు వస్తాయి. ఒక ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 240 వోల్టులు. సింగిల్ ఫేజ్ మీటరున్న ఇంటికి ఒక ఫేజు, ఒక న్యూట్రల్ వెళ్తాయి. కింది ప్యానెల్లో చూస్తే కొన్ని ఇళ్లు ఎరుపు మీద, కొన్ని పసుపు మీద, కొన్ని నీలం మీద ఉంటాయి. తిరుగుదారి మాత్రం అందరికీ ఒక్కటే.

మూడు ఫేజులకు ఒకే తిరుగుదారి ఎలా చాలుతుంది? మన సరఫరా సెకనుకు 50 ఆవృత్తాలు. అంటే కరెంటు ఒక దిక్కుగా పెరిగి, తగ్గి, ఎదురు దిక్కుగా పెరిగి, తగ్గి మొదటికి రావడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఆర్ ఫేజు శిఖరానికి చేరిన 6.67 మిల్లీసెకన్లకు వై, మరో 6.67 మిల్లీసెకన్లకు బి శిఖరానికి చేరతాయి. ఆవృత్తంలో మూడో వంతు ఆలస్యం అన్నమాట. 360 డిగ్రీల్లో 120 డిగ్రీలు. మూడు ఫేజుల్లో సమానంగా కరెంటు ఉన్నప్పుడు, ఆర్ శిఖరం మీద ఉన్న క్షణాన్ని పట్టుకుని చూడండి. ఆ క్షణంలో వై, బి రెండూ ఎదురు దిక్కుగా, తమ శిఖరంలో సగం చొప్పున మోస్తుంటాయి. సగం, సగం కలిస్తే ఒకటి. ఆర్ గుండా ఇళ్లలోకి వెళ్లినదంతా వై, బిల గుండానే వెనక్కి వచ్చేసింది. న్యూట్రల్‌కి మిగిలింది ఏమీ లేదు. ఏ క్షణాన్ని తీసుకున్నా ఇదే జరుగుతుంది. న్యూట్రల్‌లో సున్నా అన్న మాట ఇక్కడే పుట్టింది. అది సమానమైన లోడుకు మాత్రమే నిజం.

మన అపార్టుమెంటులో లోడు సమానంగా లేదు. ఆర్ శిఖరం మీద ఉన్నప్పుడు వై, బి కలిసి దాన్ని పూర్తిగా వెనక్కి తేలేవు. మిగిలినదాన్ని న్యూట్రల్ మోయాలి. ఎంత మిగిలిందో ప్రతి క్షణానికీ లెక్క కట్టుకుంటూ పోతే పుస్తకం నిండుతుంది. ఈ శ్రమను తప్పించినవాళ్లలో చార్లెస్ ప్రోటియస్ స్టైన్‌మెట్జ్ ముఖ్యుడు. 1893లో చికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సభలో, అటూ ఇటూ ఊగే కరెంటును ఒక పొడవు, ఒక కోణం ఉన్న సంఖ్యగా రాసి కూడవచ్చని ఆయన వివరించాడు. దాన్నే ఇవాళ ఫేజర్ అంటున్నాం. కాగితం మీద అదొక బాణం. ఎన్ని ఆంపియర్లో బాణం పొడవు చెబుతుంది. ఎంత ముందు, ఎంత వెనక అన్నది దాని దిశ చెబుతుంది.

స్కేలూ కోణమానినీ ఉంటే మన లెక్కను ఎవరైనా గీసి చూడవచ్చు. ఒక సెంటీమీటరును 5 ఆంపియర్లుగా తీసుకుందాం. ఆర్‌కి 8 సెంటీమీటర్లు, వైకి 5, బికి 2. ముందు 8 సెంటీమీటర్ల గీతను ఎడమ నుంచి కుడికి అడ్డంగా గీయండి. దాని కుడి కొస దగ్గర, గీత కింది వైపున, గీతతో 60 డిగ్రీల కోణం చేసేలా ఎడమకు వాలుతూ 5 సెంటీమీటర్ల రెండో గీత గీయండి. అది వై. ఆ రెండో గీత కొస నుంచి, దానితో మళ్లీ లోపలి వైపు 60 డిగ్రీల కోణంలో, పైకీ ఎడమకూ 2 సెంటీమీటర్లు గీస్తే బి అయిపోయింది. బాణాల మధ్య 120 డిగ్రీలు అన్నాం కదా, 60 ఎక్కడిది అన్న సందేహం రావచ్చు. ఒక బాణం కొస నుంచి రెండోదాన్ని మొదలుపెట్టినప్పుడు దిశ 120 డిగ్రీలు తిరుగుతుంది. లోపల మిగిలే కోణం 60 అవుతుంది.

మూడు గీతలూ సమానంగా ఉండి ఉంటే మూడో గీత కొస మొదటి గీత మొదలును తాకేది. సమబాహు త్రిభుజం మూసుకునేది. మన బొమ్మలో అది మూసుకోలేదు. మొదలైన చోటికీ ఆగిన చోటికీ మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీని స్కేలుతో కొలిస్తే 5.2 సెంటీమీటర్లు వస్తుంది. ఐదుతో గుణిస్తే 26 ఆంపియర్లు. న్యూట్రల్ కరెంటు అంటే ఆ త్రిభుజంలో మూసుకోని భాగమే.

ఇదే పనిని అంకెలతో చేసేటప్పుడు ప్రతి బాణాన్నీ అడ్డం వాటాగా, నిలువు వాటాగా విడదీస్తారు. ఆర్ పూర్తిగా అడ్డమే: 40, నిలువు సున్నా. వై అడ్డంగా ఎడమకు 12.5, కిందికి 21.65. బి ఎడమకు 5, పైకి 8.66. అడ్డం వాటాలన్నీ కలిపితే 22.5 మిగులుతుంది. నిలువు వాటాలు కలిపితే కిందికి 12.99. ఈ రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 25.98.

గుర్తుంచుకోవడానికి ఇంకో తేలిక దారి ఉంది. మూడింటిలోనూ కనీసం 10 ఆంపియర్లు ఉన్నాయి. ఆ పదులు మూడూ తమలో తాము రద్దయిపోతాయి. కాబట్టి అన్నిటి నుంచీ 10 తీసేయండి. ఆర్‌లో 30, వైలో 15, బిలో సున్నా మిగులుతాయి. న్యూట్రల్‌కి సంబంధించినంత వరకు ఇదే అసలు లోడు. మధ్య అంకె ఇక్కడ 15 కాకుండా సున్నా అయినా, 30 అయినా న్యూట్రల్‌లో 30 వస్తుంది. మధ్యలో ఎక్కడ ఉన్నా 30కి మించదు, 26 కంటే తగ్గదు. అంటే ఎక్కువ ఫేజుకీ తక్కువ ఫేజుకీ తేడా ఎంతో చూస్తే చాలు. న్యూట్రల్ కరెంటు ఆ తేడా దాకా పోగలదు, ఆ తేడాలో 87 శాతం కంటే దిగదు. మధ్య ఫేజు ఎంతన్నది దాదాపు పట్టించుకోనక్కరలేదు. ప్యానెల్ ముందు నిలబడి కాగితం లేకుండా చెప్పగలిగే లెక్క ఇది. ఎలక్ట్రీషియన్లకు ఐటీఐలోనే ఇది నేర్పితే ఎంతో మేలని నా అభిప్రాయం.

ఈ లెక్కకు ఒక షరతు ఉంది. మూడు ఫేజుల మీదా ఒకే జాతి లోడు ఉండాలి. సాయంత్రం అంకె మారిపోవడానికి కారణం అదే.

గీజర్లో ఉన్నది వట్టి వేడి తీగ. వోల్టేజి పెరిగితే ఆ క్షణంలోనే కరెంటూ పెరుగుతుంది. మోటారు అలా కాదు. పాత రకం ఏసీ కంప్రెసర్, సింగిల్ ఫేజ్ పంపు, మిక్సీ లాంటివాటిలో అయస్కాంత క్షేత్రం తయారు కావాలి గనుక కరెంటు వోల్టేజి కంటే కొంచెం ఆలస్యంగా వస్తుంది. పవర్ ఫ్యాక్టర్ 0.8 అంటే ఆ ఆలస్యం సుమారు 37 డిగ్రీలు, కాలంలో రెండు మిల్లీసెకన్ల చిల్లర. ఆంపియర్ మీటరు ఈ ఆలస్యాన్ని చూడలేదు. బాణం పొడవు మారకుండా దిశ మాత్రం మారుతుంది.

సాయంత్రం ఆర్ ఫేజు మీద 40 ఆంపియర్లూ పాత ఏసీలవే అనుకుందాం. వై మీద, బి మీద ఎప్పటిలాగే గీజర్లూ ఇస్త్రీ పెట్టెలూ. ఆర్ బాణం 37 డిగ్రీలు వెనక్కి, అంటే వై వైపుకు తిరిగింది. ఇంతకుముందు ఆర్, వైల మధ్య 120 డిగ్రీలుండేది, ఇప్పుడు 83 మాత్రమే. ఒకదాన్నొకటి ఎదిరించాల్సిన రెండు బాణాలు ఇప్పుడు కొంత ఒకే పక్కకు లాగుతున్నాయి. అంకెల్లో చూస్తే ఆర్ అడ్డంగా 32, కిందికి 24. మిగిలిన రెండిటినీ కలిపితే అడ్డంగా 14.5, కిందికి 37. న్యూట్రల్‌లో 39.7, అంటే 40 ఆంపియర్లు. అన్నిటికంటే ఎక్కువ లోడున్న ఫేజులో ఎంతో న్యూట్రల్‌లోనూ అంతే.

ఇప్పుడు తిరగేద్దాం. ఆర్ మీద గీజర్లు, వై మీద 25 ఆంపియర్లూ మోటార్లవి. ఈసారి వై వెనక్కి జరిగింది. ఆర్‌కి ఇంకా దూరమై, 157 డిగ్రీలకు చేరి, దానికి దాదాపు ఎదురుగా నిలబడింది. ఆర్ తెచ్చినదాంట్లో పెద్ద భాగాన్ని వై వెనక్కి మోసుకుపోతోంది. న్యూట్రల్‌లో 12 ఆంపియర్లే. మూడు సందర్భాల్లోనూ ఫేజుల మీద మీటరు చెప్పినవి అవే మూడు అంకెలు. ఇంకో మాట కూడా చెప్పాలి. మూడు ఫేజుల్లోనూ సరిగ్గా 20 చొప్పున చూపించినా, వాటిలో ఒకటి 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో ఉండి మిగిలినవి వేడి తీగలైతే న్యూట్రల్‌లో 12.6 ఆంపియర్లు ఉంటుంది. ఆంపియర్లు సమానమైనంత మాత్రాన లోడు బ్యాలెన్స్ అయినట్టు కాదు.

టాంగ్ టెస్టర్‌తోనే ఇది కళ్లారా చూడవచ్చు. న్యూట్రల్‌ని వదిలేసి మూడు ఫేజు తీగలనూ కలిపి దవడల మధ్య పెట్టండి. మీటరు 75 చూపించదు. 26 చూపిస్తుంది. దవడల్లోని ఇనుము మూడు తీగల అయస్కాంత క్షేత్రాలనూ ఏ క్షణానికి ఆ క్షణం కూడుతుంది గనుక, మనం స్కేలుతో చేసిన పనిని అది తనంతట తనే చేసేస్తుంది. ఇప్పుడు న్యూట్రల్‌ని కూడా వాటితో చేర్చి నాలుగూ పట్టుకుంటే సున్నా రావాలి. రాకపోతే మిగిలిన కరెంటు ఎక్కడో భూమిలోకి కారుతోందన్నమాట. ఇళ్లలో పెట్టుకునే ఆర్‌సీసీబీ పనిచేసేది ఈ సూత్రం మీదే. ఈ కొలతలు తెరిచిన ప్యానెల్లో, కరెంటు ఉండగా తీసేవి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి.

న్యూట్రల్‌లో 26 ఉంటే ఏమిటట? మొదటి నష్టం వేడి. తీగలో వృథా అయ్యే విద్యుత్తు కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 40, 25, 10, 26ల వర్గాలు కూడితే 3000. అదే 75 ఆంపియర్లనూ మూడు ఫేజులకు 25 చొప్పున పంచి ఉంటే మొత్తం 1875, న్యూట్రల్‌లో సున్నా. ఇళ్లలో వాడకం అంతే, కేబుల్లో వృథా మాత్రం 1.6 రెట్లు. పైగా మన దగ్గర మూడున్నర కోర్ కేబుల్ వాడకం ఎక్కువ. ఆ అర కోర్ న్యూట్రలే. 70 చదరపు మిల్లీమీటర్ల ఫేజు తీగలున్న కేబుల్లో న్యూట్రల్ 35 ఉంటుంది. సగం మందం అంటే రెట్టింపు నిరోధం. అప్పుడు న్యూట్రల్ వాటా రెట్టింపై మొత్తం 3675 అవుతుంది. సమానంగా పంచినప్పటితో పోలిస్తే దాదాపు రెండింతలు. సాయంత్రం లెక్కలోలా సగం మందం న్యూట్రల్‌లో 40 ఆంపియర్లు పోతున్నాయంటే, ఫేజు తీగలో 80 పోతున్నంత ఒత్తిడి దాని మీద ఉన్నట్టే. ఫేజుల్లో ఫ్యూజో ఎంసీబీయో ఉంటుంది, మితిమీరితే తెంపుతుంది. న్యూట్రల్‌లో ఫ్యూజు పెట్టకూడదని నియమం. కాబట్టి అక్కడ ఎంత వేడెక్కినా ఆపేవారు లేరు.

పరిష్కారం కష్టమైనది కాదు. ఆర్ ఫేజు మీదున్న ఒక్క ఇంటిని, సుమారు 8 ఆంపియర్ల గీజరుతో సహా, బి మీదకు మార్చారనుకోండి. ఇప్పుడు అంకెలు 32, 25, 18. ఎక్కువ, తక్కువల తేడా 14. న్యూట్రల్ కరెంటు 26 నుంచి 12కు పడిపోతుంది. ఒక్క తీగ మార్పుతో సగానికి పైగా తగ్గింది. అయితే కొత్త అపార్టుమెంట్లలో అంతస్తుకో ఫేజు ఇచ్చేసి చేతులు దులుపుకునే పద్ధతి ఒకటి ఉంది. అది మంచిది కాదు. పెంట్‌హౌస్ ఉన్న పై అంతస్తులో ఏసీలన్నీ ఒకే ఫేజు మీద పడతాయి. ఆంపియర్లను పంచడం ఎంత అవసరమో పరికరాల జాతిని పంచడం కూడా అంత అవసరం. ప్రతి ఫేజు మీదా కొన్ని ఏసీలు, కొన్ని గీజర్లు ఉంటే మూడు బాణాలూ కలిసే వెనక్కి జరుగుతాయి, వాటి మధ్య 120 డిగ్రీలూ అలాగే ఉంటాయి. కొలత కూడా ఒక్క పూట తీస్తే సరిపోదు. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదింటికి, వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి తీస్తేనే అసలు తీరు తెలుస్తుంది.

ఎంత బాగా పంచినా పోని భాగం ఒకటుంది. బాణాల లెక్క 50 ఆవృత్తాల కరెంటుకు మాత్రమే చెల్లుతుంది. ఎల్ఈడీ బల్బు, టీవీ, కంప్యూటరు, చార్జరు లాంటివి కరెంటును నునుపైన అలలా తీసుకోవు. వోల్టేజి శిఖరం దగ్గర ఒక్కసారి గుటుక్కున మింగి, మిగతా సమయం ఊరుకుంటాయి. అలాంటి కరెంటులో 50తో పాటు 150 ఆవృత్తాల భాగం కూడా కలిసి ఉంటుంది. దీన్ని మూడో హార్మోనిక్ అంటారు. దాని విషయంలో ఫేజుల మధ్య దూరం 120కి మూడు రెట్లు, అంటే 360 డిగ్రీలు. పూర్తిగా ఒక చుట్టు. కాబట్టి మూడు ఫేజుల్లోని 150 ఆవృత్తాల భాగాలూ ఒకే క్షణంలో ఒకే దిక్కుగా నడుస్తాయి. వాటిలో ఏదీ మరోదాన్ని రద్దు చేయదు. ఒక్కో ఫేజులో అలాంటిది 3 ఆంపియర్లుంటే న్యూట్రల్‌లో 9. లోడు తూచినట్టు సమానంగా ఉన్నా ఆ 9 తప్పదు. కంప్యూటర్లతో నిండిన ఆఫీసు భవనాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. సిద్ధాంతం ప్రకారం ఇలాంటి లోడులో న్యూట్రల్ కరెంటు ఫేజు కరెంటుకు 1.73 రెట్ల దాకా పోగలదు. అలాంటి చోట మూడున్నర కోర్ కేబుల్ వేయడం తప్పు. న్యూట్రల్ పూర్తి మందంతో ఉండాలి, కొన్నిచోట్ల ఫేజు తీగ కంటే లావుగా ఉండాలి. కొలిచే మీటరు కూడా ట్రూ ఆర్‌ఎంఎస్ రకం కాకపోతే అసలు కంటే తక్కువ చూపిస్తుంది.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైన సంగతి. ఆ 26 ఆంపియర్లకు దారి మూసుకుపోతే ఏమవుతుంది? న్యూట్రల్ లింకు దగ్గర నట్టు వదులైంది, లేదా అల్యూమినియం తీగను రాగి బస్‌బార్‌కి సరైన లగ్గు లేకుండా బిగించడంతో ఆ అతుకు ఏళ్ల తరబడి వేడెక్కి, చల్లారి, నల్లబడి, ఓ రోజు తెగిపోయింది. అంతా ఆరిపోతుందనుకుంటాం. అలా జరగదు. మూడు ఫేజుల సరఫరా ఉంటూనే ఉంటుంది. తిరుగుదారి లేక ఇళ్లన్నీ ఒకదాని ద్వారా మరొకటి 415 వోల్టుల మీద వేలాడతాయి.

పొద్దుటి లెక్కనే తీసుకుందాం. 240 వోల్టులకు 40 ఆంపియర్లంటే ఆర్ మీది లోడు మొత్తం 6 ఓమ్‌లు. వై 9.6, బి 24. న్యూట్రల్ తెగగానే మూడు ఫేజుల కరెంటుల మొత్తం సున్నా అయి తీరాలి. త్రిభుజం మూసుకోవాల్సిందే. దానికోసం ఇళ్ల వైపు ఉన్న న్యూట్రల్ బిందువు తన స్థానం వదిలి జరుగుతుంది. ఎంత జరుగుతుందో తెలుసుకోవడానికి మన న్యూట్రల్ కరెంటే పనికొస్తుంది. న్యూట్రల్ బాగున్నప్పుడు మోసిన 26ను, ఒక్కో వోల్టుకు మూడు ఫేజులూ కలిసి తీసుకునే కరెంటుతో భాగిస్తే చాలు. 75 ఆంపియర్లను 240తో భాగిస్తే అది 0.3125. జవాబు 83 వోల్టులు. ఆ జరుగుదల కూడా ఒక బాణమే. అది ఒక్కో ఫేజు బాణంలోంచి తీసేస్తే ఆర్ ఇళ్లకు 173 వోల్టులు, వై ఇళ్లకు 254, బి ఇళ్లకు 315 వస్తాయి.

ఇక్కడ ఒకసారి ఆగి చూడాలి. ఎక్కువ వాడుతున్నవాళ్లకు వోల్టేజి పడిపోయింది, గీజరు నీళ్లు గోరువెచ్చగా వస్తాయి, అంతే. ఫ్రిజ్జూ, టీవీ, నాలుగు లైట్లూ తప్ప ఏమీ వేసుకోని బి ఫేజు ఇంట్లో 315 వోల్టులు దిగుతాయి. కాలిపోయేవి వాళ్ల సామాన్లే. బి మీద ఒక్కో పరికరమూ కాలి తప్పుకుంటున్న కొద్దీ అక్కడ లోడు ఇంకా తగ్గి, మిగిలినవాటి మీద వోల్టేజి ఇంకా పెరిగి 360 దాకా పోతుంది. నిజం పరికరాలు స్థిరమైన ఓమ్‌లతో ఉండవు గనుక అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ జరిగే తీరు ఇదే. ఇంకో అపాయం ఉంది. ఇళ్ల వైపు న్యూట్రల్ తీగ మీద ఇప్పుడు భూమితో పోలిస్తే 83 వోల్టులు ఉన్నాయి. న్యూట్రలే కదా అని ముట్టుకునేవారికి షాక్ తగులుతుంది.

తెగడానికి ముందు ఇది కొన్ని ఆనవాళ్లు చూపిస్తుంది. పక్కింట్లో గీజరు వేయగానే మన ఇంట్లో లైటు మసకబారితే అది మామూలు వోల్టేజి పతనం కావచ్చు. మన లైటు మరింత వెలిగితే మాత్రం న్యూట్రల్ వదులైందని బలంగా అనుమానించాలి, మంచి న్యూట్రల్ ఉన్న చోట వోల్టేజి అంతలా పెరగదు. ప్యానెల్లో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య మూడు వోల్టేజీలూ కొలిస్తే 210, 240, 262 అన్నట్టు విడిపోయి కనిపించడం, ఫేజుకీ ఫేజుకీ మధ్య మాత్రం మూడూ 415 దగ్గరే ఉండటం రెండో ఆనవాలు. న్యూట్రల్ లింకు దగ్గర తీగ తొడుగు గోధుమ రంగుకు తిరగడం, కాలిన ప్లాస్టిక్ వాసన మూడోది. ఇవి కనిపించినప్పుడు ముందు మెయిన్ ఆపాలి. లోడు మీదుండగా న్యూట్రల్ నట్టు విప్పి బిగించబోతే, విప్పిన ఆ క్షణంలోనే ఇప్పుడు చెప్పుకున్న 315 వోల్టులు ఎవరి ఇంట్లోనో దిగుతాయి.

జనరేటరున్న అపార్టుమెంట్లలో చేంజోవర్ స్విచ్ నాలుగు పోల్స్‌ది అయితే ఇదే జాగ్రత్త దాని లోపలే అమర్చి ఉంటుంది. వేసేటప్పుడు న్యూట్రల్ పోల్ ఫేజుల కంటే ముందు కలుస్తుంది, తీసేటప్పుడు అన్నిటికంటే చివర విడిపోతుంది. పాత స్విచ్‌ను మార్చేటప్పుడు నాలుగో పోల్‌కి న్యూట్రలే వచ్చిందా, పొరపాటున ఏదైనా ఫేజు వచ్చిందా అని తీగ వెంట వేలు పెట్టి చూసి మరీ బిగించాలి.